ఆగినచోట నీటిరంగు

యానిమేషన్ సినిమా తలపెట్టినవాళ్లు మొదట తయారు చేసుకునేది ఒకే ఒక్క బొమ్మ. దాన్ని స్టైల్ ఫ్రేమ్ అంటారు. రేపు తెర మీద సినిమా ఎలా కనబడబోతోందో ఆ బొమ్మ చెబుతుంది. డబ్బు పెట్టేవాళ్లకు చూపించేది అదే, జట్టులో చేరబోయేవాళ్లకు చూపించేది అదే, గోడకు అంటించుకుని మురిసిపోయేదీ అదే. చిన్న సినిమాలు చాలావరకు సగంలో ఆగిపోవడానికి బీజం కూడా అక్కడే పడుతుందని నా నమ్మకం. నిలిచి ఉన్న బొమ్మను చూసి, కదలాల్సిన బొమ్మకు ధర కట్టేస్తాం. నీటిరంగుల్లో వేసిన బొమ్మ నిలిచి ఉన్నంతసేపు ఎప్పుడూ గెలుస్తుంది. దాని పక్కన ఫ్లాట్ వెక్టర్ బొమ్మ వెలవెలబోతుంది. రెండింటినీ ఒక్క మూడు సెకన్లు కదిలించి చూస్తే తీర్పు తారుమారు కావచ్చు. ఆ మూడు సెకన్లు ఎవరూ ముందుగా చేయరు.

ఈ మాట గాలిలో చెప్పడం నాకిష్టం లేదు, అందుకే ఒక కథను పట్టుకుంటాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి దాటి భద్రాచలం చేరి, అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే అడవి అంచు ఊళ్లు మొదలవుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ ఇప్పచెట్లు పూస్తాయి. ఆకు దాదాపు రాలిపోయిన కొమ్మల చివర పువ్వు గుత్తులుగా వస్తుంది, రాత్రంతా రాలుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్టు కిందికి చేరతారు. ఆ పువ్వంటే ఎలుగుబంటికీ ప్రాణమే. తల్లీ కూతురూ పువ్వు ఏరుతుంటే, మంచులో కాస్త దూరాన అదే చెట్టు పువ్వు కోసం వచ్చిన ఎలుగు ఒకటి కనబడుతుంది. ఇద్దరూ కదలకుండా నిలబడతారు. ఎలుగు తన వాటా తిని వెళ్లిపోతుంది. కథ ఇంతే. నాలుగు నిమిషాల సినిమా, మాటలు ఉండవు. నా బల్ల మీద చాలాకాలంగా ఉన్న కథ ఇది. దీన్ని ఫ్లాట్‌గా చేయాలా, నీటిరంగుల్లో చేయాలా అన్న ప్రశ్న నాకు చాలా నేర్పింది.

ముందు మనసుకు తోచినది చెబుతాను. ఈ కథ నీటిరంగులనే అడుగుతుంది. అప్పుడే రాలిన ఇప్పపువ్వును అరచేతిలో పెట్టుకుని చూడండి. మీగడ రంగు, దానిలో లేత ఆకుపచ్చ జాడ. కండ పట్టిన చిన్న బుడగలా ఉంటుంది, వెలుగు దాని లోపలికి పోయి ఆగుతుంది. అదే పువ్వు రెండు రోజులు ఎండితే ముడుచుకుని ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ మీగడ రంగును కాగితం మీదికి తేవాలంటే రంగు వేయకుండా వదిలేయడమే దారి. చుట్టూ ఎండుటాకుల గోధుమరంగును పలచగా పూసి, మధ్యలో కాగితపు తెలుపునే పువ్వుగా మిగుల్చుకోవాలి. దాని అంచున ఒక్క చుక్క పసుపు తడిగా తాకిస్తే అది తనంతట తాను లోపలికి పాకి పువ్వు గుండ్రమవుతుంది. వెక్టర్‌లో అదే పువ్వు ఒక మీగడరంగు గుండ్రం మాత్రమే. పక్కన ఎండుటాకు ఒక గోధుమరంగు ఆకారం. రెండూ నిజమే, కానీ వెలుగు ఎక్కడా లోపలికి పోదు.

గోదావరి ఒడ్డున నీటిరంగులు కొత్తవి కావు. దిగువన రాజమండ్రిలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చదువుకుని వచ్చి, 1925లో ముప్పై ఏళ్లు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు బొమ్మలు ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి. పల్చటి రంగు పొరల్లో మనిషి ఒంటి మెరుపు ఎలా పట్టుకోవచ్చో వాటి ముందు నిలబడితే తెలుస్తుంది. అయితే చదునుగా గీయడం కూడా ఈ నేలకు పరాయిది కాదు. కోయల వేల్పుల కొలుపుల్లో తీసే పడిగెలు గుడ్డ మీది బొమ్మలు. వాటిలో నీడలు ఉండవు, దూరం దగ్గర అనే తేడా ఉండదు. మనిషి, జంతువు, వేల్పు అన్నీ ఆకారాలుగా వరుస కడతాయి, డోలీ వాయించే కళాకారుడు పాటగా గోత్రకథ చెబుతుంటే ఆ ఆకారాలకు ప్రాణం వస్తుంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ పాటకే. కాబట్టి ఫ్లాట్ అంటే కంప్యూటర్‌తో వచ్చిన చవకబారు పద్ధతి అనీ, నీటిరంగు అంటేనే మన అడవి ఆత్మ అనీ ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రెండూ ఈ ఊళ్లవే. ఎంచుకోవాల్సింది అందాన్ని బట్టి కాదు, కదలికను బట్టి.

ఇక లెక్కకు వస్తాను. ఇవి ఇద్దరు ముగ్గురు ఉండే చిన్న జట్టుకు నేను వేసుకునే అంచనాలు. చేయి వేగాన్ని బట్టి, బొమ్మ సంక్లిష్టతను బట్టి అంకెలు మారతాయి గానీ వాటి మధ్య నిష్పత్తి పెద్దగా మారదు. రోజు అంటే ఒక మనిషి ఎనిమిది గంటల పని.

నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. సుమారు 40 షాట్లు, 25 బ్యాక్‌గ్రౌండ్లు, మూడు క్యారెక్టర్లు: తల్లి, కూతురు, ఎలుగు.

పూర్తిగా ఫ్లాట్ వెక్టర్‌లో చేస్తే ముందు ప్రతి క్యారెక్టర్‌కీ రిగ్ కట్టాలి. అంటే తల, మొండెం, పై చేయి, ముంజేయి, అరచేయి వేర్వేరు ముక్కలుగా గీసి, కీళ్ల దగ్గర తిరిగేలా కలిపి, ఎదురు నుంచి, పక్క నుంచి, వాలుగా చూసే రూపాలు సిద్ధం చేయాలి. పువ్వు ఏరే వేళ్లకు విడిగా అరచేతుల సెట్ ఒకటి కావాలి. ఒక్కో క్యారెక్టర్‌కు ఆరు రోజులు, ముగ్గురికి 18. బ్యాక్‌గ్రౌండ్లకు ఇంకో 18 రోజులు. రిగ్ చేతిలో ఉంటే యానిమేటర్ రోజుకు ఎనిమిది సెకన్లు చేయగలడు, అంటే 30 రోజులు. చివర అన్నీ కలిపే కంపోజిటింగ్‌కు ఆరు రోజులు. మొత్తం 72.

పూర్తిగా నీటిరంగుల్లో, చేత్తో గీసి చేస్తే దారి వేరు. సెకనుకు 24 ఫ్రేములు ఉన్నా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచుతాం కాబట్టి సెకనుకు 12 బొమ్మలు. 240 సెకన్లకు 2,880. అందరూ అన్నివేళలా కదలరు, నిలబడి చూసే క్షణాలు ఉంటాయి గనుక 2,000 అనుకుందాం. రఫ్ యానిమేషన్ రోజుకు మూడు సెకన్లు నడిస్తే 80 రోజులు. ఆ రఫ్‌లను శుభ్రమైన గీతలుగా మార్చే క్లీనప్ రోజుకు 25 బొమ్మల చొప్పున ఇంకో 80. ఒక్కో బొమ్మకు రంగు వేయడానికి 20 నిమిషాలు పెడితే 83 రోజులు. స్కానింగ్‌కు ఎనిమిది. బ్యాక్‌గ్రౌండ్ ఒక్కోదానికి రోజున్నర, చెడిపోయేవి కాక, 38 రోజులు. కంపోజిటింగ్ 20. మొత్తం 309.

నాలుగు రెట్లకు పైమాటే. కానీ ఈ రెండు మొత్తాల కంటే నాకు ఎక్కువ చెప్పేది ఖర్చు ఏ దశలో పడుతుందన్నది. ఫ్లాట్‌లో ఖర్చు ముందే పడుతుంది. రిగ్ తయారయ్యేదాకా తెర మీద ఒక్క సెకను కూడా ఉండదు, తర్వాత ప్రతి సెకనూ చవక. నీటిరంగుల్లో ముందు ఖర్చేమీ లేదు, మొదటి రోజునే గీయడం మొదలుపెట్టవచ్చు. కానీ చివరి సెకను కూడా మొదటి సెకనంత ఖరీదే. పై లెక్కలో బొమ్మ గీసి రంగు వేయడానికి సెకనుకు దాదాపు ఒక రోజు పడుతోంది. రిగ్‌తో సెకనుకు రోజులో ఎనిమిదో వంతు చాలు, కానీ రిగ్ కట్టడానికే ఆరు రోజులు కావాలి. ఈ రెండు మాటలను పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. ఏ క్యారెక్టరైనా మొత్తం సినిమాలో ఏడు సెకన్లకు మించి కదలకపోతే దానికి రిగ్ కట్టడం దండగ. చేత్తో గీసి రంగు వేయడమే చవక.

మన ఎలుగును చూడండి. అది కథకు గుండెకాయ, కానీ తెర మీద అది కదిలేది కొన్ని సెకన్లే. మంచులోంచి ఒక ముదురు మరకలా తేలడం, తల ఎత్తడం, వంగి పువ్వు తినడం, వెనుదిరగడం. దానికి రిగ్ కట్టి, కీళ్లు పెట్టి, బొచ్చు అంచులు సరిచేస్తూ కూర్చుంటే వారం పోతుంది, అయినా అది మంచులోకి కరగదు. అదే తడి కాగితం మీద ముదురు గోధుమరంగు, నీలం కలిపిన నలుపుతో వేస్తే అంచులు వాటంతట అవే మసకబారి బొచ్చవుతాయి. ఇక్కడ డబ్బూ, అందం ఒకే వైపు నిలబడ్డాయి. మంచి నిర్ణయాలు తరచూ ఇలాగే దొరుకుతాయి. అయితే అవి దొరకాలంటే ఎవరు ఎన్ని సెకన్లు కదులుతారో ముందే రాసుకుని ఉండాలి.

ఎక్కువసేపు కదిలేవాళ్లకు నీటిరంగు ఎందుకు అంత కష్టమో కూడా చెప్పాలి. కష్టం రంగు వేయడంలో ఉందనుకుంటారు. అది సగమే. ఒకే చీరను 48 కాగితాల మీద ఒకే నీలంతో వేసినా ఏ రెండూ ఒకలా రావు. ఒకచోట నీరు ఎక్కువై అంచున గట్టిగీత కడుతుంది, ఇంకోచోట రంగు గింజలు కాగితపు గుంటల్లో దిగి చుక్కలవుతాయి. కాగితం మీద అదే సొగసు. వరుసగా తిప్పి చూస్తే చీర మొత్తం ఉడుకుతున్నట్టు కదులుతుంది. దాన్ని మేం బాయిల్ అంటాం. కొంచెం ఉంటే ప్రాణంలా ఉంటుంది, ఎక్కువైతే ప్రేక్షకుడి కన్ను తల్లి చేతి మీద నిలవదు, చీర మీదికి పారిపోతుంది.

దీన్ని తప్పించడానికి కంప్యూటర్‌లో నీటిరంగు మచ్చను ఒకసారి స్కాన్ చేసి, చీర ఆకారం లోపల నింపితే సరిపోతుందనిపిస్తుంది. అప్పుడు మరో తెగులు వస్తుంది. మచ్చ తెరకు అంటుకుని కదలకుండా ఉండి, మనిషి మాత్రం దాని కిందుగా జారుతూ పోతుంది, మరకలున్న అద్దం వెనుక మనిషి నడుస్తున్నట్టు. పోనీ మచ్చను మనిషికే అంటించేస్తే అది ఒంటికి అతికించిన స్టికర్‌లా చేతితో పాటు తిరుగుతుంది, నీటిరంగులా ఉండదు. నీటిరంగును కదిలించాలనుకునే ఎవరైనా ఈ మూడు తెగుళ్లలో ఏదో ఒకదానితో రాజీ పడాల్సిందే. చిన్న జట్టుకు పనికొచ్చే రాజీ ఒకటుంది. ప్రతి రంగుకూ మూడు నాలుగు పెద్ద కాగితాల మీద పలచటి పూతలు వేసి స్కాన్ చేసుకోవాలి. వాటిని క్యారెక్టర్ లోపల, ఆరేసి ఫ్రేములకు ఒకసారి మార్చుతూ తిప్పాలి. పూతల్లో ముదురు లేత తేడా తక్కువగా ఉండాలి. పని బాగుందో లేదో తెలుసుకోవడానికి శబ్దం కట్టేసి, కళ్లు సగం మూసి చూడాలి. మొదట కనబడేది క్యారెక్టర్ చేసే పని అయితే సరే. మొదట కనబడేది రంగు చలనం అయితే పూతను ఇంకా పలచన చేయాలి.

జపాన్‌లో ఇసావో తకహాతా ఈ రాజీకి ఒప్పుకోలేదు. 1999లో వచ్చిన యమాడా కుటుంబం సినిమాలో రంగు గీత దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగినట్టు, తెల్ల కాగితం మిగిలిపోయినట్టు కనబడాలని ఆయన పట్టుబట్టారు. అందుకోసం మామూలు సినిమాకు ఒక్క గీత బొమ్మ చాలే చోట, రంగు ఎక్కడిదాకా వెళ్లాలో చెప్పే బొమ్మలు విడిగా గీయాల్సి వచ్చింది. 2013లో వచ్చిన కగుయా యువరాణి కథ అదే దారిలో ఇంకా దూరం నడిచింది, అది తెర మీదికి రావడానికి సుమారు ఎనిమిదేళ్లు పట్టింది. మన దేశంలో గీతాంజలి రావు తన ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ను ఏళ్ల తరబడి కూర్చుని చాలావరకు తన చేతితోనే గీసుకున్నారు. అది 15 నిమిషాల సినిమా, 2006లో కాన్స్ చిత్రోత్సవంలో బహుమతులు అందుకుంది. వీళ్ల సినిమాలంటే నాకు ప్రాణం. వాళ్లు అన్ని ఫ్రేముల్లోనూ రంగును నడిపించారంటే, దానికి తగిన కాలాన్ని కూడా సమకూర్చుకోగలిగారు. ఆ కాలం లేనివాళ్లు వాళ్ల సినిమాలోని ఒక్క ఫ్రేమ్ చూసి దారి ఎంచుకోకూడదు.

నీటిరంగుకు ఇంకో లెక్క ఉంది, అది మన ఎండకు, మన వానకు సంబంధించింది. మా బ్యాక్‌గ్రౌండ్లు వేసే అమ్మాయి ఒకసారి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకే చెట్టు, ఒకే వేకువ ఆకాశం.

“ఇది మే నెలలో వేసింది అన్నా, ఇది జూలైలో. రంగులు అవే, బ్రష్ అదే. చూడు, రెండూ ఒక సినిమావి అంటే ఎవరన్నా నమ్ముతరా?”

నమ్మరు. మే నెల ఖమ్మంలో ఫ్యాన్ కింద కాగితం ఎంత త్వరగా ఆరిపోతుందంటే, ఆకాశంలో పైనుంచి కిందికి దింపుతున్న పూత సగంలోనే ఆగి గట్టి అంచు కడుతుంది. జూలైలో గోదావరికి వరద మొదలయ్యే రోజుల్లో గాలి నిండా చెమ్మ. పూత గంట గడిచినా తడిగానే ఉంటుంది. ఆరిందనుకుని పక్కన ఇంకో రంగు తాకిస్తే నీరు వెనక్కి పాకి పువ్వులాంటి మరక లేస్తుంది. మే బొమ్మలో చెట్టు అంచులు కోసినట్టు ఉన్నాయి, జూలై బొమ్మలో అదే చెట్టు కరిగిపోయింది. రెండూ అందమైనవే. కానీ ఒకే సన్నివేశంలో ఒకదాని తర్వాత ఒకటి వస్తే తెల్లవారుజాము ఎగిరిపడుతుంది.

దీనికి మందులున్నాయి. ఎండాకాలంలో నీళ్లలో కొన్ని చుక్కలు గ్లిజరిన్ కలిపితే పూత నెమ్మదిగా ఆరుతుంది. వానాకాలంలో హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి ఆరబెట్టవచ్చు, కానీ గాలి ఒత్తిడికి రంగు ఒకవైపుకు పోగుపడకుండా చూసుకోవాలి. కాగితం 300 జీఎస్ఎం మందం ఉండాలి, లేకపోతే తడికి అలలు లేస్తుంది, స్కానర్ ఆ అలల నీడను కూడా పట్టేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకే సన్నివేశానికి చెందిన బ్యాక్‌గ్రౌండ్లన్నీ ఒకే కాలంలో, వీలైతే ఒకే వారంలో వేయాలి. షెడ్యూల్‌లో షాట్ నంబర్ల వరుస కాదు, వెలుగు వరుస పాటించాలి. వేకువవి అన్నీ ఒకేసారి, ఎండ పొద్దువి అన్నీ ఒకేసారి.

స్కానింగ్ దగ్గర కూడా ఒక మాట. మామూలు స్కానర్‌కు లేత రంగు కనబడదు. ఇప్పపువ్వు అంచున ఉన్న ఆ ఒక్క చుక్క పసుపును తెలుపుగా తినేస్తుంది. కాబట్టి స్కాన్ చేసేటప్పుడు తెలుపును కొంచెం బూడిదకు దించి, తర్వాత కంప్యూటర్‌లో జాగ్రత్తగా పైకి లేపాలి. ఏ3 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే వెడల్పు దాదాపు 5,000 పిక్సెళ్లు వస్తుంది. 1,920 పిక్సెళ్ల తెరకు అది రెండున్నర రెట్లు. అంటే కెమెరా లోపలికి వెళ్లే షాట్‌లో అంతవరకే వెళ్లగలం. అంతకు మించి వెళ్తే కాగితపు గరుకు బియ్యపుగింజలంత పెద్దదై కథను తినేస్తుంది. వెక్టర్‌కు ఈ బాధ లేదు, ఎంత దగ్గరికి వెళ్లినా అంచు అంచులాగే ఉంటుంది.

అసలు పెద్ద ఖర్చు ఇంకా చెప్పలేదు. అది మార్పుల ఖర్చు. ఈ కథ పెన్సిల్ గీతల యానిమాటిక్‌గా ఉన్నప్పుడు అడవి అంచు ఊళ్లో కొందరికి ఫోన్‌లో చూపించాను. ఒక పెద్దమ్మ చూసి, “ఇంత ఎండెక్కినాక పువ్వేరుతరా బిడ్డా? అప్పటికి సగం వాడిపోద్ది, సగం మేకలు తింటయి” అంది. అంతే, పగటి వెలుగులో అనుకున్న ఏడు షాట్లు వేకువకు మారాయి. చెట్టు కింద నేల కూడా మారింది. పువ్వు సులువుగా కనబడాలని చెట్టు కింద ఎండుటాకులను ముందే కాల్చి శుభ్రం చేస్తారు, నేల నల్లగా, బూడిదగా ఉంటుంది, దాని మీద మీగడ రంగు పువ్వు మెరుస్తుంది. నేను ఊహించుకున్న గోధుమరంగు ఆకుల పరుపు అక్కడ లేదు. పెన్సిల్ దశలో ఈ మార్పులకు ఒక పూట చాలింది. ఇదే మాట రంగులు వేసిన తర్వాత వచ్చి ఉంటే ఫ్లాట్‌లో ప్యాలెట్‌లో నాలుగు రంగులు మార్చి తిరిగి రెండర్ చేస్తే అయిపోయేది. నీటిరంగుల్లో ఆరు సెకన్ల షాట్‌కు, నిలబడి ఉండే క్షణాలు పోను, సుమారు 48 బొమ్మలు, ఒక్కోదానికి 20 నిమిషాలు, అంటే రంగు ఒక్కదానికే రెండు రోజులు. ఏడు షాట్లకు 14. పైగా బ్యాక్‌గ్రౌండ్లు. అందుకే నీటిరంగు ఎంచుకునేవాళ్లు మనసు మార్చుకునే పనులన్నీ పెన్సిల్ దగ్గరే ముగించుకోవాలి. కథ తెలిసినవాళ్లకు చూపించడం కూడా రంగుకు ముందే జరగాలి.

ఇవన్నీ కలిపి చూస్తే మధ్యేమార్గం ఒకటి కనిపిస్తుంది. అది కొత్తదేమీ కాదు. 1937లో వచ్చిన డిస్నీ ‘స్నో వైట్’లో అడవి, ఇల్లు నీటిరంగుల్లో వేసినవి, వాటి ముందు కదిలే మనుషులు పారదర్శకపు సెల్ మీద చదును రంగులు పూసినవి. 2002లో ‘లైలో అండ్ స్టిచ్’ మళ్లీ నీటిరంగు బ్యాక్‌గ్రౌండ్లకే వెళ్లింది. బ్యాక్‌గ్రౌండ్ షాట్‌కు ఒక్కసారి వేస్తాం, అది ఆరు సెకన్లూ అలాగే నిలబడుతుంది. దాని మీద పెట్టిన రోజున్నర ప్రేక్షకుడికి పూర్తిగా అందుతుంది. కదిలే మనిషి మీద పెట్టిన 20 నిమిషాలు సెకనులో పన్నెండో వంతు మాత్రమే కనబడతాయి.

ఇప్పపువ్వు సినిమాకు నా లెక్క ఇలా వచ్చింది. తల్లీ కూతుళ్లకు మాత్రమే రిగ్, 12 రోజులు. 25 బ్యాక్‌గ్రౌండ్లు నీటిరంగుల్లో, 38. రిగ్‌తో 220 సెకన్ల యానిమేషన్, సుమారు 28. వాళ్ల బట్టల్లో, ఒంటి రంగులో తిప్పడానికి పూతలు సిద్ధం చేసి అమర్చడం, 15. ఎలుగు, నేల మీద కాలిన ఆకుల నుంచి లేచే పొగ, మంచు, అన్నీ కలిపి 20 సెకన్లు చేత్తో గీసి రంగు వేయడానికి 20, స్కానింగ్‌కు ఒకటి. కంపోజిటింగ్ 20. మొత్తం 134 రోజులు. ఫ్లాట్ సినిమాకు రెట్టింపు కాదు, పూర్తి నీటిరంగుకు సగం కూడా కాదు.

ఈ మార్గానికి ఒక ప్రమాదం ఉంది. చదును మనుషులు తడి అడవి మీద కత్తిరించి అతికించినట్టు కనబడవచ్చు. కంపోజిటింగ్‌కు 20 రోజులు పెట్టింది అందుకే. వెక్టర్ అంచు మరీ పదునుగా ఉంటే దాన్ని ఒకటి రెండు పిక్సెళ్ల మేర గరుకు చేయాలి. గీత నలుపులో కాకుండా ముదురు గోధుమలో ఉండాలి. మనుషుల రంగులను ప్యాలెట్ నుంచి కాక, స్కాన్ చేసిన బ్యాక్‌గ్రౌండ్ నుంచే తీసుకోవాలి. అప్పుడు తల్లి చీరలోని నీలం, వేకువ ఆకాశంలోని నీలం చుట్టాలవుతాయి. చివర ఒకే కాగితపు గరుకును మనుషుల మీదా అడవి మీదా ఒకే పరిమాణంలో పరచాలి. రెండింటి గరుకు వేర్వేరు కొలతల్లో ఉంటే కన్ను వెంటనే పట్టేస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందంటుంది.

ఈ సినిమా చూసేవాళ్లలో చాలామంది దాన్ని ఫోన్‌లో, వాట్సాప్‌లో వచ్చిన ఫైలుగా చూస్తారు. ఫైలు చిన్నది కావడానికి నొక్కినప్పుడు మొదట పోయేది పలచటి పూతల్లోని సున్నితపు తేడాలే. మంచు గళ్లు గళ్లుగా విరుగుతుంది, కాగితపు గరుకు మురికిలా మారుతుంది. చదును రంగులు మాత్రం చెక్కుచెదరవు. చర్లలో ఒక ముసలమ్మ చేతిలోని ఫోన్ తెర మీద నిలబడేది చదునుగా, స్పష్టంగా గీసిన తల్లీ కూతుళ్ల ఆకారాలే. వంగిన నడుము, నేలను తాకే వేళ్లు, చంకన బుట్ట. ఆ ఆకారాలు చూడగానే గుర్తుపట్టేలా ఉండాలి. కాబట్టి ఫ్లాట్‌లో మిగిలిన కాలాన్ని నేను డిజైన్‌కే ఖర్చు పెడతాను. మనుషులను పూర్తి నలుపుతో నింపి చూడాలి. నలుపులో కూడా ఎవరు తల్లి, ఎవరు కూతురు, ఎవరు ఏం చేస్తున్నారు తెలిస్తేనే దానికి రంగు వేసే అర్హత వస్తుంది. పడిగె మీది బొమ్మలు ఈ పరీక్షలో ఎప్పుడో నెగ్గాయి.

కొత్తగా సినిమా మొదలుపెట్టే పిల్లలు వచ్చి ఏ పద్ధతి బాగుంటుందని అడిగినప్పుడు నేను స్టైల్ ఫ్రేమ్ పక్కన పెట్టమంటాను. ముందు ఒక కాగితం మీద ఎవరు ఎన్ని సెకన్లు కదులుతారో, ఏ చోటు ఎన్ని సెకన్లు నిలబడుతుందో రాయమంటాను. ఎక్కువసేపు నిలబడేవాటికి నీటిరంగు, ఎక్కువసేపు కదిలేవాటికి చదును రంగు, కొద్దిసేపే కదిలినా కథను మోసేవాటికి మళ్లీ నీటిరంగు. తర్వాత ఒక షాట్ తీసుకుని మూడు సెకన్లు పూర్తిగా చేయమంటాను. రిగ్, రంగు, స్కాన్, కంపోజిటింగ్ అన్నీ కలిపి ఎన్ని గంటలు పట్టిందో రాసి, సినిమా నిడివితో గుణించమంటాను. ఆ అంకె తమ చేతిలో ఉన్న కాలంలో ఇమిడితే ఆ పద్ధతి వాళ్లది. ఇమడకపోతే కథను కుదించాలి, లేదా నీటిరంగును ఇంకొన్ని సెకన్లు తగ్గించాలి. ఎలుగు కనబడే షాట్లను మాత్రం ఆఖరున తగ్గించమంటాను.